ఆ ఆరు రోజుల ఖాళీ ఎవరిది?

ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటి ఊహించుకోండి. మిర్యాలగూడ చుట్టుపక్కల కనిపించేలాంటిది. వానాకాలం వడ్లు రావడానికి ఇంకా మూడు వారాలే ఉంది. ఏడాదికోసారి చేసే మరమ్మతుల కోసం మిల్లు ఆపేశారు. మీరు అక్కడ కొత్తగా చేరిన మేనేజర్. కాలేజీలో నేర్చుకున్నట్టే పనుల నెట్‌వర్క్ గీశారు, ఫ్లోట్ లెక్కలు కట్టారు, కాగితాన్ని ఆఫీసు గోడకు అంటించారు. మూడో రోజు సాయంత్రం ఫిట్టర్ మేస్త్రీ వచ్చి ఆ కాగితం ముందు నిలబడ్డాడు.

"సార్, ఎలివేటర్ల పనికి ఆరు రోజుల ఫ్లోటు ఉన్నదని రాసిన్రు గదా. మా పోరగాళ్లను తీస్కొని అయిదు రోజులు పక్క మిల్లు పని చేసుకొని వస్తం. అయినా మీకు ఒక రోజు మిగుల్తది."

మీరేమంటారు? కాగితం మీద ఆరు అనే ఉంది. లెక్కలో తప్పు లేదు. అయినా సరే అన్నారో, మిల్లు నాలుగు రోజులు ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఎందుకో మీకు మీరే చెప్పగలిగితే క్రిటికల్ పాత్ మీకు వచ్చినట్టే. చెప్పలేకపోతే కంగారు పడకండి. ఈ లెక్కలో పూర్తి మార్కులు తెచ్చుకునేవాళ్లలో కూడా చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రండి, కాగితం, పెన్సిలు తీసుకుని మొదటి నుంచి చేద్దాం.

1. ముందు పనులు రాయండి, బొమ్మ తర్వాత గీయండి

పేపర్ చేతికి రాగానే వృత్తాలు గీయడం మొదలుపెట్టే అలవాటు మీకుందా? ఆపండి. బొమ్మ తప్పు పోవడానికి సగం కారణం ఆ తొందరే. ప్రతి పనికీ ఒకే ప్రశ్న వేయండి: "ఇది మొదలు కావాలంటే సరిగ్గా ఏ పని అయిపోయి ఉండాలి?" మన మిల్లులో ఎనిమిది పనులున్నాయి. రోజులు మన లెక్క కోసం అనుకున్నవే.

| పని | దానికి ముందు అయిపోవాల్సినవి | రోజులు |
|---|---|---|
| బాయిలర్ శుభ్రత | ఏమీ లేవు | 6 |
| విడిభాగాలు తెప్పించడం | ఏమీ లేవు | 8 |
| యంత్రాలు విప్పడం | ఏమీ లేవు | 3 |
| బాయిలర్ పరీక్ష | బాయిలర్ శుభ్రత | 4 |
| కొత్త భాగాల బిగింపు | విడిభాగాలు, విప్పడం | 5 |
| ఎలివేటర్ల పని | విప్పడం | 4 |
| ఆవిరి పైపుల పని | బాయిలర్ పరీక్ష | 2 |
| ట్రయల్ | బిగింపు, ఎలివేటర్లు, పైపులు | 3 |

ఒక్కో వరుస వెనుక ఏముందో చూడండి. ఊక మండించే బాయిలర్‌ను చల్లార్చి, నీళ్లు ఖాళీ చేసి, లోపల పేరుకున్న పొలుసు గీకి, మసి తీస్తేగానీ ఇన్‌స్పెక్టర్ లోపల చూడలేరు. అందుకే శుభ్రత తర్వాతే పరీక్ష. నీటి ఒత్తిడి పరీక్ష కూడా అయ్యాకే వాల్వులు, ఆవిరి పైపుల జాయింట్లు మళ్లీ బిగిస్తారు. ఇక మిల్లు లోపలికి వస్తే, షెల్లర్, వైట్‌నర్, ఎలివేటర్లు అన్నీ మొదటి మూడు రోజుల్లో విప్పేస్తారు. ఎలివేటర్లకు కావాల్సిన బెల్టులు, బకెట్లు గోడౌన్‌లోనే ఉన్నాయి కాబట్టి విప్పడం అయితే చాలు, ఆ పని మొదలుపెట్టొచ్చు. షెల్లర్, వైట్‌నర్ సంగతి అలా కాదు. వాటికి బయటి నుంచి భాగాలు రావాలి. కాబట్టి బిగింపు రెండింటి కోసం ఎదురుచూస్తుంది: యంత్రం విప్పి ఉండాలి, భాగం చేతికి వచ్చి ఉండాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే, అలవాటుగా ఒకదాని తర్వాత ఒకటి చేసే పనులను ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డవిగా రాసేయడం. "ఎప్పుడూ బిగింపు అయ్యాకే ఎలివేటర్లు చూస్తాం" అని మేస్త్రీ అంటాడు. అది అలవాటా, అవసరమా? అడగండి. అలవాటును బాణంగా గీస్తే, లేని ఆలస్యాన్ని మీరే కొనితెచ్చుకున్నట్టు.

2. ఆ చుక్కల బాణాన్ని మరచిపోకండి

పనిని డబ్బాలో రాసి డబ్బాలను బాణాలతో కలిపే పద్ధతిలో పై పట్టికను ఉన్నదున్నట్టు గీయొచ్చు, చిక్కేమీ లేదు. పనినే బాణంగా, పనుల కూడలిని వృత్తంగా గీసే పద్ధతిలో మాత్రం ఒక చిక్కు వస్తుంది. మన పట్టికలోనే ఉంది, పట్టుకున్నారా?

బిగింపుకు విడిభాగాలూ విప్పడమూ రెండూ కావాలి. ఎలివేటర్లకు విప్పడం ఒక్కటే చాలు. విడిభాగాల బాణాన్నీ విప్పడం బాణాన్నీ ఒకే వృత్తంలో కలిపేశారనుకోండి. అప్పుడు ఆ వృత్తం నుంచి బయల్దేరే ఎలివేటర్ల పని కూడా విడిభాగాల కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. గోడౌన్‌లో బెల్టులు పెట్టుకుని రాని లారీ కోసం ఆగడమన్నమాట. అలా కాకుండా విప్పడం 2వ వృత్తంలో, విడిభాగాలు 3వ వృత్తంలో ముగిసేలా గీయండి. 2 నుంచి 3కు ఒక చుక్కల బాణం వేయండి. దాని కాలం సున్నా. అదే డమ్మీ. ఇప్పుడు ఎలివేటర్ల పని 2 నుంచి, బిగింపు 3 నుంచి బయల్దేరతాయి.

మిగతాది తేలిక. 1 ఆరంభం. బాయిలర్ శుభ్రత 1 నుంచి 4కు, పరీక్ష 4 నుంచి 5కు, పైపులు 5 నుంచి 6కు. ఎలివేటర్లు 2 నుంచి 6కు, బిగింపు 3 నుంచి 6కు. ట్రయల్ 6 నుంచి 7కు. ప్రతి బాణమూ చిన్న అంకె నుంచి పెద్ద అంకెకే పోతోందా? అయితే మీ అంకెలు సరిగ్గా పడ్డాయి.

డమ్మీ ఎప్పుడు కావాలో గుర్తుపట్టడానికి పట్టికలో రెండో గడి చూడండి. ఒక పేరు ఒకచోట ఒంటరిగా, ఇంకోచోట తోడుతో కనిపిస్తే డమ్మీ అవసరం పడినట్టే. ఇక్కడ "విప్పడం" అలాగే కనిపిస్తోంది.

3. ముందుకు వెళ్లేటప్పుడు ఆలస్యంగా వచ్చేవాడి కోసం ఆగండి

ఇప్పుడు ముందుకు లెక్క, అంటే ఫార్వర్డ్ పాస్. ప్రతి పనికీ తొలి ఆరంభం, తొలి ముగింపు కావాలి. మొదటి మూడు పనులూ సున్నాలో మొదలవుతాయి. బాయిలర్ శుభ్రత 6లో, విడిభాగాలు 8లో, విప్పడం 3లో ముగుస్తాయి. పరీక్ష 6 నుంచి 10, పైపులు 10 నుంచి 12, ఎలివేటర్లు 3 నుంచి 7.

బిగింపు దగ్గర ఆగండి. విప్పడం 3లో అయిపోయింది, భాగాలు 8లో వస్తాయి. ఎప్పుడు మొదలుపెట్టగలరు? ఊరెళ్లే బస్సు దగ్గర అందరూ వచ్చేదాకా ఆగినట్టే, చివరివాడు వచ్చినప్పుడే. కాబట్టి 8 నుంచి 13. ట్రయల్‌కూ అదే సూత్రం: ఎలివేటర్లు 7లో, పైపులు 12లో, బిగింపు 13లో ముగిశాయి. పెద్దది 13. ట్రయల్ 13 నుంచి 16. మిల్లు 16 రోజుల్లో తెరుచుకుంటుంది.

ఒక చిన్న విషయం ఇక్కడే తేల్చుకుందాం. "బిగింపు 8లో మొదలు" అంటే ఎనిమిదో రోజు పొద్దునా? కాదు. సున్నా అంటే మొదటి రోజు పొద్దున. 8 అంటే ఎనిమిది రోజులు పూర్తయిన క్షణం. అంటే కేలెండర్ మీద తొమ్మిదో రోజు పొద్దున. పరీక్షలో ఈ తేడా ఎవరూ అడగకపోవచ్చు. మేస్త్రీకి ఫోన్ చేసి "ఎనిమిదో తారీఖున రా" అన్నప్పుడు మాత్రం ఒక రోజు కూలి వృథా అవుతుంది.

4. వెనక్కి వచ్చేటప్పుడు తొందరపడేవాడి మాట వినండి

ఇప్పుడు 16 నుంచి వెనక్కి. ప్రశ్న మారింది: మిల్లు 16కే తెరుచుకోవాలంటే ఒక్కో పని ఎంత ఆలస్యంగా ముగియొచ్చు? ట్రయల్ తుది ముగింపు 16, తుది ఆరంభం 13. కాబట్టి బిగింపు, ఎలివేటర్లు, పైపులు మూడూ ఆలస్యమైనా 13కల్లా అయిపోవాలి. బిగింపు తుది ఆరంభం 8, ఎలివేటర్లది 9, పైపులది 11. అక్కడి నుంచి పరీక్ష 11లోగా ముగియాలి, 7లో మొదలుకావాలి. బాయిలర్ శుభ్రత 7లోగా ముగియాలి, 1లో మొదలుకావాలి. విడిభాగాలు 8లోగా రావాలి, అంటే ఆర్డర్ సున్నాలోనే వెళ్లాలి.

విప్పడం సంగతేమిటి? దాని వెనుక ఇద్దరు నిలబడ్డారు. బిగింపు "నాకు 8కల్లా కావాలి" అంటోంది. ఎలివేటర్లు "నాకు 9కల్లా చాలు" అంటున్నాయి. ఎవరి మాట వినాలి? ముందు కావాలన్నవాడి మాట. కాబట్టి తుది ముగింపు 8, తుది ఆరంభం 5.

జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నేను ఎక్కువసార్లు ఎర్రసిరా పెట్టేది సరిగ్గా ఈ గడి మీదే. ముందుకు వెళ్లేటప్పుడు పెద్దది తీసుకున్న చేయి, వెనక్కి వచ్చేటప్పుడు కూడా పెద్దదే రాసేస్తుంది. 9 రాస్తే విప్పడానికి ఒక రోజు ఎక్కువ ఖాళీ కనిపిస్తుంది, లేని ఖాళీ అది. మీకిలా జరుగుతోందా? అయితే బాణాలు కలిసే చోట పెద్దది, బాణాలు విడిపోయే చోట చిన్నది అని మీ బొమ్మ పక్కనే రాసుకుని మొదలుపెట్టండి.

5. టోటల్ ఫ్లోట్ తీసి, వెంటనే దాన్ని వేరే దారిలో సరిచూడండి

తుది ఆరంభంలోంచి తొలి ఆరంభం తీసేస్తే టోటల్ ఫ్లోట్. అంటే ఆ పని ఎంత జారినా మిల్లు తేదీ మారని ఖాళీ.

విడిభాగాలు, బిగింపు, ట్రయల్: 0. బాయిలర్ శుభ్రత, పరీక్ష, పైపులు: ఒక్కోదానికీ 1. విప్పడం: 5. ఎలివేటర్లు: 6.

సున్నా ఉన్న మూడూ కలిసి మన క్రిటికల్ పాత్. ఇప్పుడు పెన్ను పక్కన పెట్టకండి. ఆరంభం నుంచి చివరిదాకా ఉన్న దారులన్నీ కూడి చూడండి. నాలుగే ఉన్నాయి. విడిభాగాలు, బిగింపు, ట్రయల్ దారి 16. బాయిలర్ దారి, అంటే శుభ్రత, పరీక్ష, పైపులు, ట్రయల్ కలిపి 15. విప్పడం, బిగింపు, ట్రయల్ 11. విప్పడం, ఎలివేటర్లు, ట్రయల్ 10. అన్నిటికంటే పొడవైనది 16, మన లెక్కతో కుదిరింది.

"కనీస కాలం" అని చదివి అన్నిటికంటే పొట్టి దారిని క్రిటికల్ అనుకునేవాళ్లున్నారు. కానీ ట్రయల్ మొదలవాలంటే అన్ని దారులూ అక్కడికి చేరాలి కదా? చివరికి చేరే పొడుగు దారే తేదీ నిర్ణయిస్తుంది.

ఈ నాలుగు అంకెలతో ఫ్లోట్‌ను కూడా సరిచూడొచ్చు. ఏ పని తీసుకున్నా, దాని మీదుగా పోయే దారుల్లో పొడవైనదాన్ని 16లోంచి తీసేయండి. ఎలివేటర్ల మీదుగా పోయేది 10 దారి ఒక్కటే, కాబట్టి ఫ్లోట్ 6. విప్పడం మీదుగా 11, 10 పోతున్నాయి, పొడవైనది 11, కాబట్టి 5. రెండు నిమిషాల పని ఇది. చిన్న నెట్‌వర్క్ అయితే దీన్ని ఎప్పుడూ వదలకండి.

6. ఫ్లోట్‌ను కూడకండి, అది ఉమ్మడి ఆస్తి

బాయిలర్ దారిలో మూడు పనులకూ 1 చొప్పున ఉంది. అంటే ఆ దారిలో మూడు రోజుల ఖాళీ ఉందా? లేదు. ఆ మూడు పనులకూ కలిపి ఉన్నది ఒకే రోజు. ముగ్గురు అన్నదమ్ముల పేరు మీద ఒకే గది ఉన్నట్టు. శుభ్రతలో పొలుసు గట్టిగా ఉండి ఒక రోజు ఎక్కువ పట్టిందంటే, పరీక్షకూ పైపులకూ ఇక ఏమీ మిగలదు.

దీన్ని పట్టించేదే ఫ్రీ ఫ్లోట్. తర్వాతి పనుల తొలి ఆరంభాల్లో చిన్నదాన్ని తీసుకుని, అందులోంచి ఈ పని తొలి ముగింపు తీసేయండి. వెనుక ఉన్న పనిని కదిలించకుండా మీరు వాడుకోగల ఖాళీ అది. బాయిలర్ శుభ్రత 6లో ముగుస్తుంది, పరీక్ష 6లో మొదలవుతుంది: ఫ్రీ ఫ్లోట్ 0. పరీక్షకూ 0. పైపులు 12లో ముగుస్తాయి, ట్రయల్ 13లో: ఫ్రీ ఫ్లోట్ 1. చూశారా, దారిలో ఉన్న ఒక్క రోజూ చివరి పని దగ్గర తేలింది.

విప్పడానికి టోటల్ ఫ్లోట్ 5 అయినా ఫ్రీ ఫ్లోట్ 0. అది 3లో ముగియగానే ఎలివేటర్లు మొదలుకావచ్చు, కాబట్టి దాన్ని ఒక్క రోజు జరిపినా ఎలివేటర్ల తొలి ఆరంభం జరుగుతుంది. ఎలివేటర్లకు టోటల్ 6, ఫ్రీ కూడా 6. ఇక ప్రశ్నలో ఇండిపెండెంట్ ఫ్లోట్ అడిగితే? ముందు పని తన ఖాళీ అంతా తినేసి 8కి ముగిసిందనుకోండి. ట్రయల్ 13లో మొదలుకావాలి. మధ్యలో 5 రోజులు, అందులో పని 4. మిగిలింది 1. ముందువాళ్లు ఎంత జాప్యం చేసినా, వెనుకవాళ్లను ఇబ్బంది పెట్టకుండా ఎలివేటర్లకు ఖాయంగా దక్కేది ఈ ఒక్క రోజే. ఆరులోంచి ఒకటికి వచ్చాం. మేస్త్రీ మాట మళ్లీ గుర్తుకొస్తోందా?

7. సున్నాను మాత్రమే చూడకండి, ఒకటిని కూడా చూడండి

యజమాని ఆఫీసుకు వచ్చి అడిగాడనుకోండి: "విడిభాగాలే కదా ఆలస్యం చేస్తున్నాయి, ఎక్కువ రవాణా ఖర్చు పెట్టి ఎనిమిది రోజులవి అయిదు రోజుల్లో తెప్పిస్తే మిల్లు మూడు రోజులు ముందే తెరుస్తామా?" అవునని చెబుతారా?

లెక్క వేయండి. భాగాలు 5కి వచ్చాయి, బిగింపు 10కి ముగిసింది. కానీ పైపులు 12 వరకూ అవ్వవు. ట్రయల్ 12 నుంచి 15. మూడు రోజుల ఖర్చు పెట్టి సంపాదించింది ఒక్క రోజు. తొలి రోజు తగ్గించగానే రెండు దారులూ 15 అయి, రెండూ క్రిటికల్ అయ్యాయి. ఆ తర్వాత ఒక దారిని ఎంత లాగినా లాభం లేదు, రెండింటినీ కలిపి లాగాలి. అందుకే క్రాషింగ్ లెక్కల్లో ఒక్కో రోజు తగ్గించి మళ్లీ దారులన్నీ చూడమంటారు. ఒకేసారి మూడు రోజులు తీసేసి ముందుకు వెళ్తే ఖర్చు లెక్క అంతా తప్పుతుంది.

క్రిటికల్ పాత్ పద్ధతి పుట్టిన చోట కూడా ఇలాంటి మరమ్మతుల కథ ఉంది. 1957లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థకు చెందిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ దీన్ని రూపొందించారు. తర్వాత లూయివిల్‌లోని డ్యూపాంట్ కర్మాగారం మరమ్మతుల కోసం ఆగే సమయాన్ని ఈ లెక్కతో 125 గంటల నుంచి 93 గంటలకు తగ్గించగలిగారు. మనం ఇప్పుడు క్రిటికల్ పాత్ అంటున్నదాన్ని వాళ్లు మొదట్లో "మెయిన్ చైన్" అన్నారు. మిల్లు ఆపి చేసే మరమ్మతులకు ఈ లెక్క బాగా పట్టడానికి కారణముంది: అక్కడ ప్రతి గంట ఆలస్యానికీ ధర తెలుసు, పనుల కాలం మీద పాత అనుభవం ఉంటుంది.

మన బాయిలర్ దారికి మాత్రం అంత నమ్మకమైన కాలం లేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చే తేదీ మన చేతిలో ఉండదు. పరీక్షలో ఒక గొట్టం కారితే మార్చి మళ్లీ పరీక్షించాలి. ఒక్క రోజు ఫ్లోట్ ఉన్న అలాంటి దారిని నేనైతే క్రిటికల్ దారిలాగే రోజూ కనిపెట్టి చూస్తాను. విడిభాగాలవాళ్లకు రోజూ ఫోన్ చేసి, బాయిలర్ వైపు చూడకుండా ఉండిపోవడం చదువుకున్న మేనేజర్లు చేసే తప్పే.

8. ప్రతి పనికీ ఎదురుగా మనిషి పేరు రాయండి

మన బొమ్మ ఇప్పటిదాకా ఒక విషయం చెప్పలేదు. ఏ పని ఏ పని తర్వాతో చెప్పింది గానీ, ఎవరు చేస్తారో చెప్పలేదు. పట్టికలో ఇంకో గడి చేర్చండి. బాయిలర్ దారికి వేరే మనుషులున్నారు. విప్పడం, ఎలివేటర్లు, బిగింపు? మూడింటికీ ఒకే ఫిట్టర్ల జట్టు. మన మేస్త్రీ జట్టే.

బిగింపు 8 నుంచి 13 వరకూ జరగాలి, దానికి ఫ్లోట్ సున్నా. అదే జట్టు ఆ అయిదు రోజులూ అక్కడే ఉండాలి. కాబట్టి ఎలివేటర్లు 3 నుంచి 8 మధ్యనే అయిపోవాలి. అయిదు రోజుల చోటులో నాలుగు రోజుల పని. మిగిలింది ఒక రోజు. కాగితం మీద ఆరుగా కనిపించినది, మనుషులను చేర్చగానే ఒకటి అయ్యింది. విప్పడం విషయం కూడా అంతే: అది అయిదు రోజులు జారితే ఎలివేటర్లకు చోటే ఉండదు. దాని అసలు ఖాళీ కూడా ఒక్క రోజే, అదీ ఎలివేటర్లతో పంచుకునే రోజు.

మేస్త్రీ అడిగినట్టే వెళ్లి 8కి తిరిగొస్తే ఏమవుతుంది? జట్టు ముందు రెండు పనులుంటాయి, అయిదు రోజుల బిగింపు, నాలుగు రోజుల ఎలివేటర్లు. ఏది ముందు చేసినా కలిపి తొమ్మిది రోజులు, 17కి ముగుస్తాయి. ట్రయల్ 17 నుంచి 20. మిల్లు నాలుగు రోజులు ఆలస్యంగా తెరుచుకుంటుంది.

రెండు జట్లు ఉంటే మేస్త్రీ మాటే నిజమయ్యేది, ఎలివేటర్లు 8 నుంచి 12 వరకూ రెండో జట్టు చేసేది, మిల్లు 16కే తెరుచుకునేది. కాబట్టి ఆరు అన్న జవాబు తప్పు కాదు, మనుషులకు కొదవ లేదనుకుంటేనే అది నిజం. పరీక్షలో ఆరు రాయండి. మిల్లులో ఆ అంకె కింద జట్టు పేరు రాయండి.

9. జరిగినదాన్ని చేర్చి మళ్లీ లెక్కకట్టండి

అయిదో రోజున విడిభాగాలవాళ్లు ఫోన్ చేసి "రెండు రోజులు ఆలస్యం" అన్నారు. ఇప్పుడు ఏం మారింది? భాగాలు 10కి, బిగింపు 15కి, మిల్లు 18కి. ఇది చెడ్డ వార్తే. కానీ బాయిలర్ దారి ఫ్లోట్ ఒకటి నుంచి మూడు అయ్యింది. ఆదివారం ఓవర్‌టైమ్ ఇచ్చి బాయిలర్ శుభ్రత ముగించాలని అనుకుంటే, ఇప్పుడు ఆ ఖర్చు అక్కర్లేదు. మేస్త్రీ జట్టు ఖాళీ కూడా ఒకటి నుంచి మూడు రోజులు అయ్యింది. పాత కాగితం గోడ మీద అలాగే ఉంటే ఇవేవీ ఎవరికీ తెలియవు. వారానికోసారి కాదు, ఇంత చిన్న మరమ్మతుకు రోజూ సాయంత్రం పది నిమిషాలు కేటాయించండి. అయిపోయిన పనులకు అసలు పట్టిన రోజులు వేసి, మిగిలినవాటికి ఇంకా ఎన్ని రోజులు పడతాయో అడిగి, రెండు లెక్కలూ మళ్లీ చేయండి.

సరే, మూడో రోజు సాయంత్రానికి తిరిగి వద్దాం. అప్పటికి ఆ ఫోన్ ఇంకా రాలేదు. మేస్త్రీ గుమ్మం దగ్గరే నిలబడి జవాబు కోసం చూస్తున్నాడు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆరు అంకె పక్కన ఆయన జట్టు పేరు రాసి చూపించండి.

"మేస్త్రీ, ఆ ఆరు రోజులు కాగితానివి. నీ జట్టుకు ఉన్నది ఒక్కటే. రేపు పొద్దున ఎలివేటర్లు మొదలుపెట్టు, ఏడో రోజు సాయంత్రానికి బెల్టులు ఎక్కించు. ఎనిమిదో రోజు పక్క మిల్లుకు పో, నేను అడ్డు చెప్పను. తొమ్మిదో రోజు పొద్దున షెల్లర్ దగ్గర ఉండాలి. లారీ ఆలస్యమైతే నేనే ముందు రోజు ఫోన్ చేసి చెప్తా, అప్పుడు ఇంకో రోజు ఉండి రా."

"గట్లైతే ఒక్క రోజుల అక్కడ ఏం పని అయితది సార్?" అన్నాడనుకోండి. అది ఆయన లెక్క, ఆయన్ని చూసుకోనివ్వండి. మీరు విడిభాగాల లారీ ఎక్కడి దాకా వచ్చిందో కనుక్కోవడానికి ఫోన్ అందుకోండి.